ముందు స్టార్ పెడితే కే-గ్రామ్ ఇండెక్స్ తప్పు పదాలు ఇస్తోంది (*కారం అడిగితే కారాగారం వచ్చింది)

పదాల_పుట్ట:
అందరికీ నమస్తే. తెలుగు పదాల పట్టిక ఒకటి పెట్టుకుని దాని మీద చిన్న సెర్చ్ రాస్తున్నా, పదం ముక్క ఇచ్చి మిగతా చోట స్టార్ పెడితే సరిపోయే పదాలన్నీ రావాలి. `కార*` లాంటివి సమస్య కాదు, పట్టిక సార్ట్ చేసి ఉంది కాబట్టి బైనరీ సెర్చ్‌తో ఆ చోటికి వెళ్ళి అక్కడినుంచి వరసగా చదివేస్తే అయిపోతోంది. `*కారం` అంటే మాత్రం మొదటి పదం నుంచి చివరి పదం దాకా మొత్తం తిరగాల్సి వస్తోంది. అందుకని మూడేసి అక్షరాల కే-గ్రామ్ ఇండెక్స్ కట్టాను, ఇదిగో కోడ్:

```python
def grams(text, k=3):
    return {text[i:i+k] for i in range(len(text)-k+1)}

def word_grams(w):
    return grams("$" + w + "$")

def query_grams(p):
    out = set()
    for part in ("$" + p + "$").split("*"):
        out |= grams(part)
    return out
```

స్పీడ్ బాగానే ఉంది కానీ `*కారం` అడిగితే అధికారం, సహకారంతో పాటు కారాగారం కూడా వస్తోంది, అది గారంతో కదా ముగిసేది. ఇంకోటి, గ్రాములు ప్రింట్ చేసి చూస్తే కొన్ని చుక్కల వలయంతో మొదలవుతున్నాయి. కోడ్‌లో ఎక్కడ తేడా ఉందో చెప్తారా?

తిరగమోత:
దీనికి కే-గ్రామ్ దాకా ఎందుకు బ్రో. పదాలన్నీ తిరగేసి ఇంకో సార్టెడ్ లిస్ట్ పెట్టుకో, `*కారం` వస్తే దాన్నీ తిరగేసి ఆ లిస్ట్‌లో వెతుకు, ముందు స్టార్ కాస్తా చివరి స్టార్ అయిపోతుంది, తప్పుడు పదం ఒక్కటీ రాదు. నేను ఎప్పుడూ ఇదే చేస్తా.

నిశాచరి:
తిరగమోత చెప్పింది ముందు స్టార్ ఒక్కటే ఉన్నంతవరకు కరెక్టే, నిజానికి అది కే-గ్రామ్ కన్నా నీట్‌గా పనిచేస్తుంది. కానీ `*కార*` అని రెండు పక్కలా స్టార్ వస్తే పదాన్ని ఎటు తిప్పినా మొదలు తెలీదు, రెండు లిస్టులూ చేతులెత్తేస్తాయి. కే-గ్రామ్ అక్కడ పనికొస్తుంది.

ఇక పుట్ట గారి ప్రశ్న. మీ కోడ్ బాగానే ఉందండీ, గ్రాములు సరిగ్గానే తీస్తున్నారు, పని సగంలో ఆగిపోయిందంతే. చిన్న పట్టికతో చేసి చూపిస్తా, ఎనిమిది పదాలు తీసుకుందాం:

1 అధికారం, 2 ఆహారం, 3 కారం, 4 కారణం, 5 కారాగారం, 6 నమస్కారం, 7 వ్యాపారం, 8 సహకారం

`*కారం` కి రెండు పక్కలా డాలర్ తగిలిస్తే `$*కారం$`. స్టార్ దగ్గర విరిస్తే మొదటి ముక్క ఉత్త `$`, మూడు అక్షరాలు లేవు కాబట్టి దాంట్లోంచి ఏమీ రాదు. రెండో ముక్క `కారం$`, అందులో కంప్యూటర్ లెక్కన ఐదు గుర్తులు (క, దీర్ఘం, ర, సున్న, డాలర్), కాబట్టి మూడు గ్రాములు. ఒక్కోదాని కింద ఉన్న పదాల నంబర్లు ఇవీ:

```
కార   -> 1 3 4 5 6 8
ారం   -> 1 2 3 5 6 7 8
రం$   -> 1 2 3 5 6 7 8
```

మూడింట్లోనూ ఉన్నవి 1 3 5 6 8. ఐదో నంబరే మీ కారాగారం. అదెలా దూరిందంటే `కార` పదం మొదట్లో దొరికింది, `ారం` ఏమో చివర్లో ఉన్న గారం లోంచి దొరికింది, `రం$` కూడా అక్కడే. ముక్కలు మూడూ ఉన్నాయి, కానీ ఒకదాని పక్కన ఒకటి లేవు. ఇండెక్స్‌కి ఏ గ్రామ్ ఏ పదంలో ఉందో తెలుసు, పదంలో ఎక్కడ ఉందో తెలీదు. మీరు దాన్ని అడిగింది "ఈ మూడూ ఉన్న పదాలు ఏవి" అని, అది దానికి సరైన జవాబే ఇచ్చింది.

కాబట్టి ఇండెక్స్ ఇచ్చేది అభ్యర్థుల జాబితా మాత్రమే. వచ్చిన ఒక్కో పదాన్ని అసలు ప్యాటర్న్‌తో మళ్ళీ పోల్చి చూడాలి, అప్పుడు 5 రాలిపోయి 1 3 6 8 మిగులుతాయి. ఈ ఫిల్టర్ వద్దు అనుకోవడానికి లేదు, కే-గ్రామ్ పద్ధతిలో అదీ ఒక భాగమే.

చుక్కల వలయం గురించి: గ్రామ్ గుణింతం గుర్తుతో మొదలైతే దానికి ఆనుకోవడానికి హల్లు లేక స్క్రీన్ మీద అలా కనపడుతుంది, లోపల డేటా శుభ్రంగానే ఉంటుంది.

పదాల_పుట్ట:
ఓహ్ అర్థమైంది, థాంక్స్ అన్నా. కానీ ఇక్కడ `ారం`, `రం$` రెండు లిస్టులూ ఒకటేగా, చివరిది తీసేస్తే ఒక ఇంటర్‌సెక్షన్ తగ్గుతుంది కదా?

నిశాచరి:
ఆ ఎనిమిది పదాల్లో అలా కుదిరింది అంతే. మీ పట్టికలో విభక్తులు తగిలిన రూపాలు కూడా ఉంటే చూడండి, సహకారంతో, అధికారంలో లాంటివి. వాటిల్లో `కార` ఉంది, `ారం` ఉంది, `రం$` లేదు. పదం అక్కడితో అయిపోయింది అని చెప్పేది డాలర్ ఉన్న గ్రామ్ ఒక్కటే. తెలుగులో ఒక్కో మాటకి ఇన్ని రూపాలుంటాయి కాబట్టి అది చాలా పదాల్ని తొలి దశలోనే ఆపేస్తుంది.

ఇంటర్‌సెక్షన్ భారం తగ్గించాలంటే వరస మార్చండి. అన్నిటికన్నా పొట్టి లిస్ట్ ముందు తీసుకుని మిగతావాటితో కోయండి, చేతిలో కొన్ని పదుల పదాలే మిగిలాయి అనుకున్నప్పుడు ఇంకా కోయకుండా ఆపేసి నేరుగా ఫిల్టర్‌కి పంపేయొచ్చు. ఎలాగూ ఫిల్టర్ ఉంది కాబట్టి జవాబు మారదు.

టేబుల్_రాణి:
నాదీ ఇదే సమస్య అనుకుంటా. పోస్ట్‌గ్రెస్‌లో `pg_trgm` పెట్టి వ్యాఖ్యల కాలమ్ మీద జిన్ ఇండెక్స్ వేశాను (`gin_trgm_ops`), `LIKE '%కారం'` అంటే ఇండెక్స్ వాడుతోంది కానీ ప్లాన్‌లో `Rows Removed by Index Recheck` అని పెద్ద నంబర్ కనపడుతోంది, పైగా నమస్కారం అనే మాట ఉన్న వ్యాఖ్యలు చాలావరకు రావట్లేదు. ఇండెక్స్ పాడైందా, మళ్ళీ కట్టాలా?

నిశాచరి:
రాణి గారూ, మీ దాంట్లో రెండు విషయాలు కలిసిపోయాయి. ఆ రీచెక్ నంబర్ నేను పైన చెప్పిన ఫిల్టరే, ఇండెక్స్ ఇచ్చిన వరసల్లో ప్యాటర్న్‌కి నిజంగా సరిపోనివి ఎన్ని తీసేసిందో చెప్తోంది. అది ఉండటం జబ్బు కాదు, మిగిలిన వరసలతో పోలిస్తే మరీ ఎక్కువైతే మాత్రం మీ ప్యాటర్న్‌లోంచి వచ్చిన గ్రాములు దేన్నీ పెద్దగా వడకట్టట్లేదని అర్థం.

రెండోది వేరే సంగతి. పుట్ట గారి దగ్గర ఒక్కో ఎంట్రీ ఒక్క పదం. మీ దగ్గర కాలమ్‌లో మొత్తం వ్యాఖ్య ఉంది. `LIKE '%కారం'` అంటే వ్యాఖ్య మొత్తం కారంతో ముగియాలి, పదం ముగియడం కాదు. "నమస్కారం అందరికీ" అనే వ్యాఖ్య అందరికీతో ముగిసింది కాబట్టి రాదు. పదాల స్థాయిలో కావాలంటే వ్యాఖ్యల్లోంచి పదాలు వేరు చేసి, ఒక్కో పదం ఒక్కసారే ఉండే పట్టిక విడిగా పెట్టుకుని, ట్రైగ్రామ్ ఇండెక్స్ దాని మీద వేయండి. స్టార్ క్వెరీకి ఆ పట్టికలోంచి పదాలు వస్తాయి, ఆ పదాలతో మళ్ళీ వ్యాఖ్యల్లోకి వెళ్ళాలి. సెర్చ్ ఇంజిన్లలో ఉండే ఏర్పాటు ఇదే, కే-గ్రామ్ ఇచ్చేది పదాల్ని, పత్రాల్ని ఇచ్చేది మామూలు ఇన్వర్టెడ్ ఇండెక్స్.

ఒకసారి `select show_trgm('నమస్కారం');` కూడా నడిపి చూడండి. ఆ ఎక్స్‌టెన్షన్ పదం ముందు రెండు ఖాళీలు, వెనక ఒక ఖాళీ పెడుతుంది కాబట్టి ఎనిమిది గుర్తుల పదానికి తొమ్మిది ట్రైగ్రాములు రావాలి. తెలుగు అక్షరాల బదులు `0x` తో నంబర్లు కనపడినా కంగారు పడకండి, లెక్క చూడండి. తొమ్మిది కాకుండా వేరే లెక్క వస్తే మీ డేటాబేస్ లొకేల్ గుణింతాల్ని అక్షరాలుగా చూడకుండా పదాన్ని మధ్యలో ముక్కలు చేస్తోందని అనుమానించాలి.

టేబుల్_రాణి:
అర్థమైందండీ, కాలమ్ ముగింపు అని తట్టలేదు. పదాల టేబుల్ విడిగా కడతా. లెక్క చూసి చెప్తా.

లిపికారిణి:
నాకో అభ్యంతరం ఉంది. మీరంతా కోడ్‌పాయింట్లు లెక్కపెడుతున్నారు, తెలుగు చదివేవాళ్ళకి అక్షరం అంటే కా, రం, స్కా. హల్లునీ దీర్ఘాన్నీ విడదీసి `ారం` అని గ్రామ్ చేయడం ఏంటి, దానికి అర్థమే లేదు. పూర్తి అక్షరాలు యూనిట్‌గా పెట్టుకుని రెండేసి తీసుకోండి, కారాగారం అంటే కా-రా-గా-రం, దాని జంటలు కారా, రాగా, గారం. `*కారం` కి కావాల్సింది "కారం" అనే జంట, "రం$" అనే జంట. మొదటిది అక్కడ లేదు కాబట్టి తప్పుడు పదం ముందే పోయింది, ఫిల్టర్‌కి పనే తగ్గుతుంది.

తిరగమోత:
ఇది బాగుంది. జంటల లిస్టులు కూడా పొట్టిగా వస్తాయి.

నిశాచరి:
లిపికారిణి గారూ, కారాగారం వరకు మీ మాట నిజం. అదే ఎనిమిది పదాల్లో ఆరో నంబర్ చూడండి. నమస్కారం మీ లెక్కలో న-మ-స్కా-రం. జంటలు నమ, మస్కా, స్కారం. అందులో "కారం" అనే జంట ఎక్కడుంది? లేదు. కా విడిగా లేదు, స్కా లో కలిసిపోయింది. అంటే `*కారం` అడిగితే నమస్కారం రాదు, సంస్కారం రాదు, సత్కారం రాదు, తిరస్కారం రాదు. వీటిని ఇండెక్సే వదిలేసింది కాబట్టి ఫిల్టర్ దాకా కూడా వెళ్ళవు.

కారాగారం లాంటిది ఎక్కువగా వస్తే ఫిల్టర్ తీసేస్తుంది, మనకి కొంచెం టైమ్ ఖర్చు. నమస్కారం లాంటిది తొలి దశలోనే పోతే దాన్ని వెనక్కి తెచ్చే దారి తర్వాత ఎక్కడా లేదు, పైగా పోయిందని ఎవరికీ కనపడదు, రిజల్ట్ చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. కాబట్టి గ్రాముల దశలో ఎక్కువ రావచ్చు కానీ తక్కువ మాత్రం రాకూడదు, నా వరకు అది గట్టి నియమం.

చివరి స్టార్‌తోనూ అంతే. `కార*` అడిగితే అక్షరాల లెక్కన కా-ర కావాలి. కారణం (కా-ర-ణం) వస్తుంది. కారం (కా-రం), కారు (కా-రు), కార్యం (కా-ర్యం) మూడూ పోతాయి.

లిపికారిణి:
స్కారం సంగతి ఒప్పుకుంటాను, సంయుక్తాక్షరం మధ్యలో స్టార్ పడితే నేను చెప్పినట్టు చేస్తే పదాలు పోతాయి. దానికి మార్గం ఉంది కదా, స్టార్‌కి ఆనుకున్న అక్షరాన్ని నమ్మకుండా వదిలేయండి. `*కారం` లో కా స్టార్ పక్కనుంది, అది స్కా కావచ్చు, త్కా కావచ్చు, కాబట్టి దాన్ని గ్రాముల్లో వాడకుండా "రం$" ఒక్కటే వెతకండి, మిగతాది ఫిల్టర్ చూసుకుంటుంది.

కానీ `కార*` విషయంలో మీతో ఏకీభవించను. ర అని పూర్తి అక్షరం టైప్ చేసిన మనిషికి కార్యం చూపించడం నాకు సరిగ్గా అనిపించదు. ర వేరు, ర్య వేరు. వెతికే మనిషి అడిగింది రకారం కాదు, ర అనే అక్షరం.

నిశాచరి:
మీ సవరణతో పదాలు పోవు, నిజమే. పోవు కానీ `రం$` ఒక్క గ్రామ్ మీద నిలబడాలి, రంతో ముగిసే ప్రతి పదమూ అభ్యర్థి అవుతుంది, మన ఎనిమిదిలోనే ఏడు. అప్పుడు కోడ్‌పాయింట్ల మూడేసి గ్రాములే మేలు కదా, అవి ఐదుకి తెచ్చాయి. తప్పుడు పదాలు ఇంకా తగ్గాలంటే నాలుగేసి తీసుకోండి, `కారం` అనే నాలుగు గుర్తుల గ్రామే కారాగారాన్ని ఆపేస్తుంది. దానికి మూల్యం ఏంటంటే గ్రాముల రకాలు బాగా పెరుగుతాయి, పైగా `*రం` లాంటి పొట్టి ప్యాటర్న్‌కి డాలర్‌తో కలిపి మూడు గుర్తులే కాబట్టి ఒక్క గ్రామ్ కూడా రాదు, మొత్తం పట్టిక తిరగాల్సిందే.

కార్యం చూపించాలా వద్దా అనేది ఇండెక్స్ తేల్చే విషయం కాదు అనుకుంటున్నా. ఇండెక్స్ దాన్ని అభ్యర్థిగా తేవాలి, ఉంచాలా తీసేయాలా అనేది ఫిల్టర్‌లో ఒక లైన్. నేనైతే ఉంచుతా, ఎందుకంటే సగం టైప్ చేసి స్టార్ పెట్టినవాళ్ళకి తర్వాత ఏం వస్తుందో గుర్తు లేకే కదా పెట్టారు.

లిపికారిణి:
ఫిల్టర్‌లో పెట్టుకునే వీలుంటే నాకు అభ్యంతరం లేదు. డిఫాల్ట్ మాత్రం అక్షరం ప్రకారమే ఉండాలని నా అభిప్రాయం, అందులో మార్పు లేదు.

కొత్త_కోడర్:
మధ్యలో వస్తున్నా సారీ. నేను గో లో రాస్తున్నా, స్ట్రింగ్‌ని `s[i:i+3]` అని కోస్తున్నా, తెలుగుకి ప్రతి క్వెరీకి దాదాపు సగం పట్టిక అభ్యర్థులుగా వస్తోంది. ఇంగ్లీష్ పదాలకి ఇలా లేదు. కే విలువ పెంచాలా?

నిశాచరి:
గో లో అలా కోస్తే బైట్లు తెగుతాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు, `కార` అంటే

```
E0 B0 95  E0 B0 BE  E0 B0 B0
```

మూడు బైట్ల గ్రామ్ అంటే మీకు వస్తున్నది ఒక్క గుర్తు. ఒకటి జరిపి కోస్తే `B0 95 E0`, అదీ క గురించే చెప్తోంది, ఎందుకంటే తర్వాతి తెలుగు గుర్తు ఏదైనా `E0` తోనే మొదలవుతుంది. పక్కపక్కన ఏమున్నాయి అనే సమాచారం దాదాపు పోయి "ఈ పదంలో క ఉంది, ర ఉంది, దీర్ఘం ఉంది" అన్నంతవరకే మిగులుతుంది, అలాంటి పదాలు ఎన్నైనా ఉంటాయి. స్ట్రింగ్‌ని ముందు `[]rune` చేసి దాన్ని కోయండి. కే మూడే ఉంచండి.

కొత్త_కోడర్:
రూన్స్‌కి మార్చాను, అభ్యర్థులు ఒక్కసారిగా పడిపోయారు. థాంక్యూ సో మచ్ అన్నా. ఇంకొక్కటి, ఫిల్టర్ నేను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లేకుండా సింపుల్‌గా పెట్టాను, స్టార్‌కి ముందున్న ముక్కతో మొదలవుతోందా, వెనకున్న ముక్కతో ముగుస్తోందా అని రెండు చెక్‌లు. సరిపోతుందిగా?

తిరగమోత:
సరిపోతుంది. మధ్యలో స్టార్ వస్తే నేను కూడా సూటి లిస్ట్‌లోంచి ఒకటి, తిరగేసిన లిస్ట్‌లోంచి ఒకటి తీసి రెండూ కలిపి చూస్తా.

నిశాచరి:
ఆగండి ఆగండి, ఇద్దరికీ ఒకటే గుంట. `కార*రం` అనే ప్యాటర్న్ తీసుకోండి. కారం అనే పదం కారతో మొదలవుతుంది, అవును. రంతో ముగుస్తుంది, అవును. కానీ ప్యాటర్న్ అడిగింది ముందు ఒక ర, వెనక ఇంకో ర. కారంలో ఉన్నది ఒక్క ర, దాన్నే రెండు ముక్కలూ వాడేసుకున్నాయి. పదం పొడవు రెండు ముక్కల పొడవుల మొత్తానికి తక్కువ కాకూడదు అని ఇంకో చెక్ పెట్టాలి. ముక్కలు మూడు, రెండు; కారం నాలుగే గుర్తులు కాబట్టి పోతుంది. పొడవైన పదాలతో టెస్ట్ చేస్తే ఈ బగ్ బయటపడదు, పొట్టి పదాలతోనే చూడాలి.

పర్ముటర్మ్ వాడేవాళ్ళకి ఈ గొడవ లేదు. అందులో పదం చివర డాలర్ పెట్టి దాన్ని ఒక్కో అక్షరం తిప్పుతూ వచ్చిన రూపాలన్నీ దాచుకుంటారు, `కార*రం` వస్తే దాన్ని `రం$కార*` గా తిప్పి చివరి స్టార్ లాగా వెతుకుతారు. పదం మొత్తం ఒకే తాడులా ఉంటుంది కాబట్టి ఒక ర రెండుసార్లు లెక్కలోకి రాదు, స్టార్ ఒక్కటే ఉంటే ఫిల్టర్ కూడా అక్కర్లేదు. కానీ నమస్కారం ఒక్కదానికే తొమ్మిది రూపాలు, ఒక్కోటీ తొమ్మిది గుర్తులు. కే-గ్రామ్‌లో అదే పదం నంబర్ ఎనిమిది లిస్టుల్లో పడుతుంది, అంతే. చోటు ఉంటే పర్ముటర్మ్, లేకపోతే కే-గ్రామ్ ప్లస్ ఫిల్టర్.

పదాల_పుట్ట:
ఫిల్టర్ పెట్టాను, పొడవు చెక్ కూడా వేశాను, కారాగారం పోయింది, నమస్కారం ఉంది. `*ం` అని ఇస్తే మాత్రం గ్రాములేవీ రాక ఖాళీ సెట్ వస్తోంది, నా కోడ్ దాన్ని "ఏ పదమూ లేదు" అనుకుంటోంది.

నిశాచరి:
ఖాళీ సెట్ అంటే "వడకట్టడానికి నా దగ్గర ఏమీ లేదు" అని అర్థం, కాబట్టి అన్ని పదాలూ అభ్యర్థులే అవ్వాలి. లేదా అలాంటి పొట్టివాటి కోసం రెండేసి గ్రాములు కూడా పక్కన ఉంచుకోండి, `ం$` అప్పుడు దొరుకుతుంది. తిరగమోత గారి తిరగేసిన లిస్ట్ ఉంటే ఇది దానికి పంపడం ఇంకా మంచిది. ఏదైనా `*ం` కి జవాబు పట్టికలో పెద్ద భాగం అవుతుంది, వాటన్నిటికీ పత్రాలు తేవాలంటే ఏ ఇండెక్స్ ఉన్నా నెమ్మదే. స్టార్ కాకుండా కనీసం రెండు అక్షరాలు ఉండాలని పెట్టేస్తే నయం.

టేబుల్_రాణి:
పదాల టేబుల్ కట్టాను, ఇప్పుడు నమస్కారం వస్తోంది, ట్రైగ్రాముల లెక్క కూడా తొమ్మిదే. కానీ `%ట్వేర్` అంటే సాఫ్ట్‌వేర్ కొన్ని వరసల్లో దొరుకుతోంది, కొన్నింట్లో లేదు. చూడ్డానికి చాలావరకు ఒకేలా ఉన్నాయి.

లిపికారిణి:
కొన్నింట్లో ట్ తర్వాత, వే ముందు కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండి ఉంటుంది, `U+200C`. పొల్లు విడిగా కనపడటానికి కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి. అది మధ్యలో ఉంటే ట్, వే పక్కపక్కన ఉన్న గ్రామ్ ఏర్పడదు. ఇండెక్స్‌లోకి వెళ్ళేముందు, క్వెరీలో కూడా, రెండు చోట్లా తీసేయండి. చూపించే రూపం మాత్రం వేరే కాలమ్‌లో అలాగే ఉంచండి, అది తీసేస్తే ట్ కింద వ వత్తుగా పడి చదవడానికి వికారంగా ఉంటుంది.

టేబుల్_రాణి:
రెండు కాలమ్‌లు పెడితే రీచెక్ ఏ కాలమ్ మీద జరుగుతుంది మరి?

నిశాచరి:
`LIKE` ఏ కాలమ్ మీద రాస్తే దాని మీదే. శుభ్రం చేసిన కాలమ్ మీద ఇండెక్స్, దాని మీదే `LIKE`, చూపించేది మాత్రం `select` లో రెండోది.